మధ్యలో కడ్డీ ఉందా? C₁ = 0 రాసే అలవాటు మానేయండి!

పైపు ఫ్లో లెక్కలు చేసీ చేసీ మీ చేతికి ఒక అలవాటు పడిపోయింది. ఇంటిగ్రేట్ చేయగానే C₁ = 0 అని రాసేస్తారు. ఖాళీ పైపులో అది కరెక్టే. నడిమధ్యన ln r అనంతానికి పోతుంది, కాబట్టి ఆ టర్మ్ ఉండకూడదు.

కానీ ఇక్కడ పైపు మధ్యలో కడ్డీ ఉంది. ద్రవం r = 0 దాకా వెళ్లనే వెళ్లదు. ఆ టర్మ్‌ని ఉంచండి!

ఇలా మొదలుపెట్టండి:

- పైపు లోపలి వ్యాసార్థం R, కడ్డీ వ్యాసార్థం κR.
- షియర్ స్ట్రెస్ ఎక్కడో ఒకచోట సున్నా అవుతుంది. గరిష్ఠ వేగం అక్కడే. దానికి λR అని పేరు పెట్టి ముందుకు వెళ్లండి.
- రెండు గోడల దగ్గరా వేగం సున్నా. ఈ రెండు షరతులే λ ఎంతో చెప్పేస్తాయి.

2λ² = (1 − κ²) / ln(1/κ)

v = (ΔP R² / 4μL) [1 − (r/R)² + 2λ² ln(r/R)]

Q = (πΔP R⁴ / 8μL) [(1 − κ⁴) − (1 − κ²)² / ln(1/κ)]

ఇప్పుడు అంకెలు వేయండి. పైపు వ్యాసార్థం 20 మి.మీ., కడ్డీది 10. అంటే κ = 0.5. λ = 0.7355 వస్తుంది. గరిష్ఠ వేగం 14.7 మి.మీ. దగ్గర. సందుకు సరిగ్గా మధ్య 15. తేడా చిన్నదే, కానీ ఎప్పుడూ కడ్డీ వైపే జరుగుతుంది. కడ్డీ చుట్టుకొలత పైపుదాంట్లో సగమే కదా, అది పట్టి ఆపగలిగే ద్రవమూ తక్కువే.

ఇక ఫ్లో. ఖాళీ పైపులో నిమిషానికి 10 లీటర్ల చిక్కటి నూనె పోతోందనుకోండి. కడ్డీ పెట్టాక అదే ఒత్తిడికి 1.26 లీటర్లే! దారి 75% తెరిచే ఉన్నా సరే. పెద్ద పైపు ఫ్లోలోంచి కడ్డీ సైజు పైపు ఫ్లో తీసేస్తే 9.4 వస్తుంది. ఈ షార్ట్‌కట్ జోలికి అస్సలు పోవద్దు.

ఇంకా నమ్మకం కుదరలేదా? కడ్డీ బదులు తీగ పెట్టండి, κ = 0.01. అది అడ్డుకునే వైశాల్యం పదివేలలో ఒక వంతు. ఫ్లో మాత్రం దాదాపు 22% పడిపోతుంది. అన్నిటికంటే వేగంగా పరిగెత్తే చోటే అది ద్రవాన్ని పూర్తిగా ఆపేస్తోంది మరి.

ఇదంతా లామినార్ ఫ్లోకే. టర్బులెంట్ అయితే ఈ ఫార్ములాలు పక్కన పెట్టేయండి.

కొలిచిన ఫ్లో లెక్క కంటే బాగా ఎక్కువ వచ్చిందా? నూనె ఉష్ణోగ్రత సరిగానే ఉంటే, కడ్డీ ఒక పక్కకు వాలిందేమో చూడండి. వెడల్పైన వైపు ద్రవం సులువుగా దూసుకుపోతుంది. సన్నటి సందులో కడ్డీ పూర్తిగా గోడకు ఆనితే ఫ్లో దాదాపు 2.5 రెట్లు అవుతుంది.