నారుమడిలో అగ్గి తెగులు: రాత్రి మంచును గమనించండి

"ఎండల సీమలో అగ్గి తెగులు ఎందుకొస్తుందన్నా?" అని కె.సి. కెనాల్ కింద వరి వేసే రైతులు నన్ను అడుగుతుంటారు. వీడియోలో చూపించిన కర్నూలు వైపు నారుమడే దానికి జవాబు.

ఈ శిలీంధ్రానికి వాన అక్కర్లేదు, ఆకు తడి చాలు. కార్తీకం దాటాక రాత్రి చలి 20 డిగ్రీలకు దిగి, ఆకు మీద మంచు పది గంటలు నిలిస్తే, గాలికి వచ్చిన బీజం మొలిచి తెల్లారేలోపు ఆకులోకి దూరిపోతుంది. ఐదారు రోజులకు నూలుకండె ఆకారపు మచ్చ, మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు కనిపిస్తాయి. ఆ ఒక్క మచ్చే రోజూ రాత్రి వేల బీజాలు వదులుతుంది. నీళ్లందక వాడిన నారు, యూరియా ఎక్కువైన నారు ముందు పడిపోతాయి.

అందుకే విత్తనం దగ్గరే ఆలోచించండి. సాంబ మసూరి (బీపీటీ 5204) దీనికి తేలిగ్గా లొంగుతుంది, నెల్లూరు మసూరి (ఎన్ఎల్ఆర్ 34449) తట్టుకుంటుంది. కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పట్టించండి, మడి ఆరనివ్వకండి.

అయినా మచ్చలు పెరుగుతుంటే ట్రైసైక్లజోల్ లీటరు నీటికి 0.6 గ్రాములు కలిపి వెంటనే కొట్టాలి. అది రసాయనమే, కొడితే ఆ పంటను సేంద్రియం అని అమ్మకూడదు. కొట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ మడి మాడిపోయాక కొడితే ఫలితం ఉండదు.