కోపం తెలియడం వేరు, ఆపుకోవడం వేరు

ప్రశ్న: ఎంబీఏ ఆబ్జెక్టివ్ పరీక్షలో స్వీయ అవగాహనకూ స్వీయ నియంత్రణకూ మధ్య తికమకపడుతున్నాను. ఒత్తిడి ప్రశ్నలూ అంతే. ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: ప్రశ్నలోని ఉద్యోగి ఏం చేశాడో చూడండి. మేనేజర్ అందరి ముందూ మందలించాడనుకుందాం. తనకు కోపం వస్తోందని, అవమానమే దానికి కారణమని గ్రహిస్తే స్వీయ అవగాహన. ఘాటు ఈమెయిల్ రాసి కూడా పంపకుండా ఆగితే స్వీయ నియంత్రణ. డేనియల్ గోల్‌మన్ చెప్పిన భావోద్వేగ ప్రజ్ఞ అంశాలు ఐదింటిలో మిగతావి ప్రేరణ, సహానుభూతి, సామాజిక నైపుణ్యాలు. వాటితో ఇంత చిక్కు లేదు.

ఒత్తిడి ప్రశ్నలకు, దాన్ని ఎదుర్కొనే తీరుపై లాజరస్, ఫోక్‌మన్‌ల విభజన పట్టుకోండి. పని గడువు పెంచమని అడగడం సమస్య కేంద్రితం. కాసేపు నడిచొచ్చి కుదుటపడటం భావోద్వేగ కేంద్రితం. స్నేహితుడితో మాట్లాడటమే అసలు మెలిక: సలహా కోసమైతే మొదటిది, ఓదార్పు కోసమైతే రెండోది. ఆ ఉద్దేశం ప్రశ్నలో ఎక్కడుందో వెతికాకే జవాబు గుర్తించండి.