బొమ్మ గీయడానికి తాతయ్య, నానమ్మల ఫోటోలు తీయడం ఎలా?

బాబాయ్! తాతయ్య, నానమ్మ పక్కపక్కన కూర్చున్నట్టు బొమ్మ గీయిస్తున్నాను. ఆర్టిస్టు వాళ్లను చూడలేదు కాబట్టి నువ్వు తీసే ఫోటోలే ఆయనకు ఆధారం. నువ్వు పంపిన పెళ్లి ఫోటో బాగుంది కానీ బొమ్మకు పనికిరాదట. ఫ్లాష్ ఎదురుగా పడితే ముఖం మీద నీడలుండవు. నీడ లేకపోతే ముక్కు ఎత్తు, బుగ్గల పల్లం, ముడతల లోతు తెలియవు.

అందుకని పొద్దున్నే ముందుగది కిటికీ పక్కన కుర్చీ వెయ్యి. ఎండ నేరుగా పడకూడదు, వెలుతురు మాత్రం ఒక పక్కనుంచే రావాలి. ట్యూబులైటు ఆర్పెయ్, లేకపోతే రెండు వెలుగులూ కలిసి ఒంటిరంగు మారిపోతుంది. ఇద్దరిదీ తెల్లజుట్టే కదా, వెనక సున్నం గోడ ఉంటే అందులో కలిసిపోతుంది. ముదురు రంగు దుప్పటి కట్టు.

ముందు తాతయ్యను తియ్యి. తర్వాత నానమ్మను అదే కుర్చీలో, అదే దిక్కుకు కూర్చోబెట్టు. కుర్చీ జరపకు. ఆయనకు కుడివైపు, ఆమెకు ఎడమవైపు వెలుగు పడితే బొమ్మలో ఇద్దరినీ అతికించినట్టే ఉంటుంది.

ఫోన్ వాళ్ల కళ్ల ఎత్తున పట్టుకో. దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఆరడుగుల దూరంలో నిలబడి, 2x నొక్కి తియ్యి. బ్యూటీ ఫిల్టర్ ఉంటే తీసెయ్, అది ముడతలు చెరిపేస్తుంది. మనకు కావలసినవే అవి!

వెనక ముదురు దుప్పటి ఉంటే ఫోన్ వెలుగు పెంచేస్తుంది. అప్పుడు తాతయ్య కండువా తెల్లటి మచ్చలా పడుతుంది. తెర మీద ఆయన ముఖాన్ని తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరుపు. తీశాక ఫోటో పెద్దది చేసి చూడు. కండువా మడతలు, వెంట్రుకల పోగులు విడివిడిగా కనిపిస్తే సరిపోయినట్టే. కళ్లజోడు అద్దంలో కిటికీ మెరిస్తే గడ్డం కాస్త దించమను. జోడు లేకుండా కూడా ఒకటి తియ్యి.

"నవ్వండి" అనకు. అంటే తాతయ్య బిగుసుకుపోతాడు, తెలుసుగా. పొలం సంగతి ఎత్తి, మాటల మధ్యలో తీస్తూ పో.

ఆ తర్వాత నానమ్మ ముక్కుపుడక, దుద్దులు, చీర అంచు దగ్గరగా విడివిడిగా తియ్యి. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి నిలువెత్తు ఫోటో ఒకటి కావాలి. విడి ఫోటోల్లో ఎవరు ఎంత పొడవో తెలియదు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపకు, సైజు తగ్గించేస్తుంది. పిన్ను గుర్తు నొక్కి, డాక్యుమెంట్‌గా పంపు. కత్తిరించకు, రంగులు దిద్దకు. ముందు తాతయ్యది ఒక్క ఫోటో తీసి పంపు, వెలుగు సరిపోయిందో లేదో చూసి చెబుతాను. ఈలోగా ఆయన్ను కుర్చీలోంచి లేపకు.