నోటీసు బోర్డు ప్రకటన: అర్హత, జీతం, గడువు

గూడూరు వంటి పట్టణాల్లో ప్రభుత్వ కార్యాలయాల నోటీసు బోర్డులపై అతికించే ఉద్యోగ ప్రకటనను ఒకరు ఫోన్‌లో ఫొటో తీయగా, ఇంగ్లీషు తెలిసిన మరొకరు దాని సారాంశాన్ని తెలుగులో చెప్పగా, అభ్యర్థి ఆ మాట ఆధారంగానే దరఖాస్తు చేయడం పరిపాటి. అయితే అధికారులు పరిశీలించేది మూల ప్రకటననే గనుక, మధ్యవర్తి తప్పుగా చెప్పిన అర్థం వల్ల అభ్యర్థికి ఏ హక్కూ సంక్రమించదు.

అర్హతల్లో ‘ఎసెన్షియల్’ అన్నది తప్పనిసరి అర్హత, ‘డిజైరబుల్’ అన్నది ఉంటే మంచిదన్న అర్హత. రెండోది లేనంత మాత్రాన దరఖాస్తుకు అనర్హులు కారు. తప్పనిసరి అర్హత ఏ తేదీ నాటికి ఉండాలో ప్రకటనలోగాని నిబంధనల్లోగాని చెప్పకపోతే, దరఖాస్తుల చివరి తేదీనే ప్రమాణంగా తీసుకోవాలన్నది స్థిరపడిన న్యాయసూత్రం. జమ్మూ కాశ్మీర్ జూనియర్ ఇంజనీర్ల నియామకంలో దరఖాస్తు గడువు 1982 జులై 15న ముగియగా, కొందరి డిగ్రీ ఫలితాలు ఆగస్టులో, ఇంటర్వ్యూలకు ముందే వెలువడ్డాయి. అయినా గడువు నాటికి వారికి అర్హత లేనట్లేనని అశోక్ కుమార్ శర్మ కేసులో 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ‘పరీక్ష రాసినవారు’, ‘ఉత్తీర్ణులైనవారు’ అన్న మాటలను అనువాదంలో కలిపివేయరాదు.

జీతం విషయంలో ‘టైమ్ స్కేల్’ అంటే ఏటా ఇంక్రిమెంటు కలిగిన వేతనశ్రేణి. ‘కన్సాలిడేటెడ్ పే’ అంటే అలవెన్సులన్నీ కలిపి నిర్ణయించిన ఒకే మొత్తం. ‘ఆనరేరియం’ అంటే అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చేటటువంటి గౌరవ వేతనం. ఈ మూడింటినీ ‘జీతం’ అని ఒకే మాటతో చెబితే ఉద్యోగ స్వభావమే మరుగున పడుతుంది. అయితే గౌరవ వేతనమన్న పేరు చట్టపరమైన హక్కులన్నింటినీ తొలగించదు. అంగన్‌వాడీ కార్యకర్తలకూ సహాయకులకూ 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం వర్తిస్తుందని మణిబెన్ కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ప్రకటించింది.

గడువు వాక్యంలో దరఖాస్తు ఫలానా తేదీలోగా ‘చేరాలి’ అని ఉంటే, ఆ రోజున పోస్టు చేసిన కవరు మర్నాడు అందినా తిరస్కరణకు గురికావచ్చు. అందుచేత తేదీతోపాటు సమయం, చిరునామా, స్వయంగా ఇవ్వాలా తపాలాలో పంపాలా అన్నదీ తెలుగులోకి రావాలి.

ఫొటో తీసేటప్పుడు ప్రకటన సంఖ్య, తేదీ, అధికారి సంతకం, అడుగున ఉండే గమనికలు కనిపించేలా చూసుకోవాలి. తరువాత సవరణ ప్రకటన వచ్చిందేమో చూడాలి. సందేహముంటే గడువుకు ముందే ఆ కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడగాలి. దరఖాస్తు తిరస్కరణకు గురైతే, దానికి సంబంధించిన పత్రాల నకళ్లను సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి.

ప్రకటన కార్యాలయాన్నీ కట్టడి చేస్తుంది: నిబంధనలు గాని, ప్రకటన గాని అనుమతిస్తే తప్ప, నియామక ప్రక్రియ మొదలయ్యాక అర్హతా ప్రమాణాలను మధ్యలో మార్చరాదని తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది.