రిటైరైతే సెలవులకు లెక్క ఎలా?

ప్రశ్న: తపాలా శాఖలో పనిచేసి 2024 మే 31న రిటైరయ్యాను. మూలవేతనం 60,400 రూపాయలు. ఈఎల్ 248 రోజులు, అర్ధవేతన సెలవు 130 రోజులు మిగిలాయి. 300 రోజులకు డబ్బు వస్తుందనుకున్నాను. చేతికొచ్చింది అంతకంటే తక్కువగా ఉంది. లెక్క తప్పిందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీకు 300 రోజులకూ లెక్క కట్టే ఇస్తారు. కాకపోతే అన్ని రోజులకూ ఒకే ధర కాదు.

ముందు ఈఎల్ చూడండి. మూలవేతనానికి అప్పటి 50 శాతం డీఏ కలిపితే 90,600. దాన్ని నెలలో రోజులెన్నున్నా 30తోనే భాగిస్తారు కాబట్టి రోజుకు 3,020 రూపాయలు. ఇంటి అద్దె భత్యం ఇందులో కలవదు. 248 రోజులకు 7,48,960 అయింది. 300కు తగ్గిన 52 రోజులను అర్ధవేతన సెలవుతో పూరిస్తారు. జీతంలో సగం, ఆ సగంపై డీఏ అంటే రోజుకు 1,510 చొప్పున 78,520. మొత్తం 8,27,480 రూపాయలు. ఇంతే వచ్చి ఉంటే లెక్క సరైనదే. మిగతా 78 అర్ధవేతన సెలవులకు పైసా రాదు.

చాలామంది నష్టపోయేది ఇక్కడే. ఆఖరి ఏడాదిలో జబ్బుచేస్తే అలవాటుగా ఈఎల్ రాసిచ్చేస్తారు. మీరూ 20 రోజులు అలా వాడి ఉంటే, వైద్య ధ్రువపత్రంతో కమ్యూటెడ్ లీవు పెట్టాల్సింది. దానికి రోజుకు రెండు చొప్పున 40 అర్ధవేతన సెలవులు పోయేవి, అవి ఎలాగూ మిగిలేవే. 20 ఈఎల్ నిలిచి మీకు 30,200 రూపాయలు ఎక్కువ వచ్చేవి. సెలవు రకం మార్చమని డ్యూటీలో చేరిన 30 రోజుల్లోపు అడగాలి, రిటైరయ్యాక కుదరదు.

ప్రశ్న: గ్రాట్యుటీకీ ఇదే లెక్కా? నా సర్వీసు 31 ఏళ్ల 4 నెలలు.
– అదే పాఠకురాలు

జవాబు: కాదు. అక్కడ రోజులు కాదు, అర్ధ సంవత్సరాలు లెక్క. ఒక్కోదానికి జీతం, డీఏల మొత్తంలో నాలుగోవంతు. 31 ఏళ్లకు 62, చివరి 4 నెలలు మూడు నెలలు దాటాయి కనుక మరొకటి, మొత్తం 63. మీకు 22,650 చొప్పున 14,26,950 రూపాయలు. గరిష్ఠ పరిమితి 25 లక్షలు.

ప్రశ్న: నాపై శాఖాపరమైన విచారణ నడుస్తోంది. సెలవుల డబ్బు, గ్రాట్యుటీ రెండూ ఆగిపోతాయా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: గ్రాట్యుటీ విచారణ తేలేదాకా ఆగుతుంది. సెలవుల డబ్బు అలా కాదు. మీనుంచి సొమ్ము రాబట్టాల్సి రావచ్చని అధికారి భావిస్తేనే దాన్ని పూర్తిగానో కొంతో ఆపవచ్చు. ఆపితే కారణం రాతపూర్వకంగా అడగండి.