చంద్రమతి గొంతు రాజమండ్రి నుంచి ఎలా రికార్డు చేశాం

హరిశ్చంద్రుడి కథ వీడియో చూసిన కొందరు, "పాత్రలు వేరువేరు ఊళ్ళలో ఉంటే రికార్డింగ్ ఎలా చేస్తారండీ?" అని అడిగారు. ముందు నేను చేసిన తప్పు చెప్పి, తర్వాత పద్ధతి చెప్తాను.

చంద్రమతికి గొంతు ఇచ్చిన అక్క ఉండేది రాజమండ్రిలో, నేను హైదరాబాదులో. శ్మశానం సీను. అక్క ఫోన్ స్పీకర్లో నా మాట వింటూ, ల్యాప్‌టాప్‌కి పెట్టిన యూఎస్‌బీ మైకులో డైలాగు చెప్పింది. రెండో టేకుకి నాకే కళ్ళు చెమర్చాయి. తీరా ఎడిటింగ్‌లో వింటే, ఆమె ఏడుపు మధ్యలో నా "ఊఁ... ఊఁ" వినిపిస్తోంది! రెండు గొంతులు ఒకదానిమీద ఒకటి పడ్డాక విడదీయడం కుదరలేదు. వారం తర్వాత మళ్ళీ చెప్పించాను. బాగానే వచ్చింది గానీ, ఆ రెండో టేకు మాత్రం మళ్ళీ రాలేదు.

అందుకే మొదటి నియమం: కాల్ వేరు, రికార్డింగ్ వేరు. కాల్‌లో వచ్చే శబ్దం నెట్‌ని బట్టి తెగిపోతుంది, అది వీడియోకి పనికిరాదు. కాల్ కేవలం మనం వినడానికి, సూచనలు ఇవ్వడానికి. అసలు రికార్డింగ్ నటుల దగ్గరే, వాళ్ళ ల్యాప్‌టాప్‌లోనే జరగాలి. ఫోన్‌కి ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి, వాటి సౌండు కూడా తక్కువగానే ఉండాలి. టేకు నడుస్తుంటే నేను నా మైకు మ్యూట్ చేసుకుంటాను.

ఇక మైకు. నోటికి ఒక జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పెట్టమంటాను. ఎదురుగా పెడితే "ప", "భ" పలికినప్పుడు గాలి తగిలి "ధబ్" మంటుంది. ఫ్యాను ఆపి, మంచం మీద బొంతలు, వెనక బట్టల బీరువా ఉన్న గదిలో కూర్చోమంటాను. ఖాళీ గోడల గదిలో వచ్చే ప్రతిధ్వనిని తర్వాత తీయడం చాలా కష్టం. సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో, WAV ఫైలు. సీనులో అన్నిటికంటే గట్టిగా అరిచే డైలాగు ముందే చెప్పించి, మీటరు మైనస్ 6 దాటకుండా లెవెల్ పెట్టాలి. మామూలు మాటలతో లెవెల్ పెడితే, అరుపు వచ్చేసరికి శబ్దం పగిలిపోతుంది. పగిలిన శబ్దం మళ్ళీ మామూలుగా అవ్వదు. చివర్లో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఖాళీ గదిని కూడా రికార్డు చేయిస్తాను. మాటల మధ్య ఖాళీల్లో ఎడిటర్ దాన్నే వేస్తాడు.

నటన దగ్గరికొస్తే, "అక్కా, ఇంకా ఫీల్ కావాలి" అంటే ఆమెకు ఏమీ తెలియదు. నేను ఇలా చెప్పాను: "చీకటి. ఎదురుగా ఉన్న కాటికాపరి భర్తేనని నీకు తెలీదు. పది అడుగుల దూరంలో ఉన్నాడు. పాము కాటుకు పోయిన బిడ్డ నీ చేతుల్లో ఉన్నాడు. అతను కాటిసుంకం అడిగాడు, నీ దగ్గర పైసా లేదు." అంతే, గొంతు దానంతటదే మారింది. ఎవరితో, ఎంత దూరంలో, అంతకుముందు ఏం జరిగింది అన్న మూడూ చెప్తే చాలు. హరిశ్చంద్రుడి డైలాగు నేనే చదివి, వెంటనే మ్యూట్ చేసుకుంటాను. ఆమె ఒక్క క్షణం ఆగి జవాబు చెప్తుంది. ఆ చిన్న విరామం వల్ల నా గొంతు ఆమె మాట మీద పడదు.

ఆఖరిది ఫైలు పేరు. ఇంతకుముందు "ఫైనల్", "ఫైనల్ 2", "కొత్తది" అని వచ్చేవి. ఎడిటర్ తమ్ముడు ఒక్కోటి తెరిచి వినాల్సొచ్చేది. ఇప్పుడు ఇలా:

```
HC_S03_L012_CHANDRA_T02.wav
```

హరిశ్చంద్ర కథ, మూడో సీను, పన్నెండో డైలాగు, చంద్రమతి, రెండో టేకు. అంకెల ముందు సున్నాలు మానకండి. లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లలో 2 కంటే ముందు 10 వచ్చి కూర్చుంటుంది. ఏ టేకు నచ్చిందో పేరులో పెట్టకుండా, స్క్రిప్టు కాగితం మీద ఆ డైలాగు పక్కన T02 అని రాసుకుంటాను. మనసు మారితే కాగితం దిద్దితే చాలు, ఫైలు జోలికి పోనక్కర్లేదు. ఫైలుని వాయిస్ మెసేజ్‌గా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. డ్రైవ్‌లో పెట్టమని చెప్పండి.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. మొదటి డైలాగు అవ్వగానే ఆ ఫైలు తెప్పించుకుని, హెడ్‌ఫోన్స్‌లో విని, ఆ తర్వాతే ముందుకెళ్ళండి. ఆరోజు నేను ఆ రెండు నిమిషాలు ఆగి ఉంటే, అక్క చెప్పిన ఆ రెండో టేకు ఇవాళ మీరు వినేవారు.