స్టేట్‌మెంటులో మన డబ్బు ఎక్కడికి పోయింది?

గూళ్ల డబ్బు ఒక్కసారిగా ఖాతాలో పడుతుంది, మళ్లీ పంట వచ్చేలోపే కరిగిపోతుంది. ఎటు పోయిందో ఈసారి చూద్దాం. మెట్టకూరులో ఒక ఇంటి లెక్క ఇలా ఉందనుకుందాం: నెలలో 48,000 బయటికి పోయింది.

ముందు పంట ఖర్చు పక్కకి తీసేయాలి. చాకీ పురుగులు, ఆకు కోత కూలీ, షెడ్డు మందులు కలిపి 15,000. ఇది ఇంటి ఖర్చులో కలిపితే లెక్కంతా తప్పుతుంది.

మిగిలిన 33,000లో సరుకులు, కరెంటు, ఫీజు, లోన్ కిస్తీ 14,000: ఇవి అవసరాలు. ఫోన్ కొనుగోళ్లు, హోటలు 4,000: ఇవి కోరికలు. చిట్టీ 3,000 పొదుపు. కానీ చిట్టీ ఇంకా పాడుకోకపోతేనే సుమా! పాడేశాక కట్టేది అప్పు తీర్చడమే, అది అవసరాల్లోకి వెళ్తుంది.

ఇక ఏటీఎంలో తీసిన 12,000 ఉంది. "ఇంటికే కదా" అని మనం దాన్ని అవసరాల్లో వేసేస్తాం. అక్కడే మోసపోతాం. ఇంట్లో అందరం కూర్చుని గుర్తు చేసుకుంటే 4,500 అవసరాలకి, 2,500 కోరికలకి తేలింది. మిగతా 5,000 ఎవరికీ గుర్తు లేదు. పొదుపు కంటే అదే ఎక్కువ! దాన్ని ఏ వరుసలోనూ వేయకండి, "తెలియదు" అని విడిగా రాయండి. వచ్చే నెల డబ్బు తీసిన రోజే ఎందుకు తీశామో షెడ్డు క్యాలెండర్ మీద రాసుకుంటే ఆ అంకె ఎంత తగ్గిందో చూడొచ్చు.